పొద్దున తీసిన కొలత

నా భార్య పాదాలకు మూడేళ్ళుగా స్పర్శ లేదు. షుగర్ జబ్బు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పోయిన ఎండాకాలం హోసూరు డాక్టరమ్మ ఆమె అరికాళ్ళు చూసి, వట్టికాళ్ళతో నడవకూడదు, బిగుతు చెప్పులు తొడగకూడదు, పుండు పడితే మానదు అని తమిళంలో చెప్పింది. నాకది కొత్త మాట కాదు. మా అన్నకు చిటికెనవేలి పక్కన శనగగింజంత పుండు లేచింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా.

డాక్టరమ్మ చెప్పిన మెత్తటి చెప్పులు హోసూరు షాపుల్లో ఆమె సైజుకు దొరకలేదు. మా మనవరాలు సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఒకరోజు పొద్దున్నే, కంపెనీ బస్సు ఎక్కబోయే ముందు, అవ్వ పాదాన్ని కాగితం మీద పెట్టించి పెన్నుతో గీసుకుంది. సెంటీమీటర్లు కొలిచి, ఆరో నంబరని ఫోన్లో ఆర్డరు పెట్టింది.

నేనక్కడే ఉన్నాను. నా చిన్నప్పుడు మాకు చెప్పులు కుట్టిన ముసలాయన పొద్దున ఎన్నడూ కొలత తీయలేదు. "చేన్లో పని ముగించుకొని మాపటికి రాండప్పా" అనేవాడు. పొద్దంతా నిలబడిన పాదం సాయంత్రానికి ఉబ్బుతుందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ చెప్పలేదు.

చెప్పులు వచ్చిన సాయంత్రం నా భార్య తొడిగి చూపించింది. "యాడా నొప్పి లేదు. సరిగ్గా ఉండాయి" అంది. నొప్పే తెలియని పాదాన్ని అడిగి ఏం లాభం? పట్టీ కింద నా చిటికెనవేలు దూర్చి చూశాను. దూరలేదు.

మనవరాలు ఏడో నంబరుకు మార్పిడి పెట్టింది. అదే చెప్పు, అదే రంగు, ఎనభై రూపాయలు ఎక్కువ.

"ఇంత రబ్బరు ముక్కకు ఎనభయ్యా?" అన్నాను.

"సైజుకు కాదు తాతా. మొన్న ఆఫర్ ఉండె, ఈపొద్దు లేదు. తేడా కట్టితేనే పంపిస్తారు."

కట్టేసింది. మార్పిడి నియమాలు నేను దాని ఫోన్లో అక్షరం అక్షరం చదివాను. బడిమెట్టు ఎక్కకుండా చదువు నేర్చుకున్నవాణ్ణి, చిన్న అక్షరాలను అసలు వదలను. కొత్త జత తెచ్చిన మనిషి పాతది పరీక్షించి తీసుకుంటాడు. ట్యాగు తెగకూడదు. తొడిగి తిరగకూడదు. మూడుసార్లు వచ్చీ తీసుకోలేకపోతే మార్పిడి రద్దు.

మొదటి రోజు పొద్దున్నుంచి అరుగు మీద కూర్చున్నాను. ఏ బండీ రాలేదు. సాయంత్రం మనవరాలు ఫోను చూపించింది: కస్టమర్ అందుబాటులో లేరు. డెబ్భై ఏళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నవాణ్ణి, లేనట. రెండో రోజూ అదే కూర్చోవడం, అదే మెసేజి.

"వాడు ఎవురికి ఫోన్ చేసినాడు?" అని అడిగాను.

"నాకే. ఫ్యాక్టరీ గేటు కాడ మా ఫోన్లు లాకర్లో పెట్టేస్తాం గదా."

అప్పుడు అర్థమైంది. పక్కూరు బేరిగై దాటాక మా ఊరి దారి తెలియక ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాడు. నేను ఇంట్లో కాపలా కాశాను. వాడు లాకరును పిలిచి పోయాడు. రాత్రికి మనవరాలు నా నంబరు పెట్టించింది. మిగిలింది ఒక్క రోజు.

ఆ రోజు మనిషి వచ్చాడు. నలభై దాటినవాడు, చెమటతో తడిసి ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, మీ దారికి పేరే లేదా?"

"పేరు దేనికప్పా, ఉండేది ఒకటే దారి గదా."

నవ్వాడు. పెట్టె తెరిచి ట్యాగు చూశాడు. చెప్పును తిరగేశాడు. గాడుల్లో ఎండిన పేడ. నవ్వు ఆగిపోయింది.

"తొడిగినారు."

నేను నా భార్య వైపు చూశాను. గడపలో నిలబడి ఉంది.

"రెండు దినాలు ఇంటెనక ఆవుల కాడికి తొడుక్కొని పోయినా. పాతవి తెగిపోయినాయి. వట్టికాళ్ళతో పోవద్దని డాక్టరమ్మే గదా చెప్పింది. తుడిచే పెట్టినాను, ట్యాగు తెంపలేదు."

"మంచిమాటే అమ్మా," అన్నాడతను, "దీన్ని తీసుకుంటే నా జీతంలో పట్టుకుంటారు. నా చేతిలో లేదు."

నాకు కోపం పొంగింది. మీరు మొదటి రోజే ఇంటిదాకా వచ్చి ఉంటే ఇది జరిగేదా అనబోయాను. అతను చెప్పులు ఫోటో తీస్తూ ఆగాడు. ఎడమ చెప్పును వెలుగులోకి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇదేమి మరక?"

లోపల, చిటికెనవేలు ఆనేచోట, గోధుమ రంగుగా ఉంది. పేడ అనుకుని గోటితో గీరాను. పేడ కాదు. గోరు కింద ఎర్రగా వచ్చింది.

అతనేదో చెబుతున్నాడు, మార్పిడి రద్దయిందనీ, కట్టిన తేడా తిరిగి వస్తుందనీ. నేను గడప దగ్గరికి పోయి, ఆమెను కూర్చోబెట్టి, ఎడమ పాదం నా మోకాలి మీద పెట్టుకున్నాను.

"నొప్పిగా ఉందా?"

"యాడా లేదే. ఎందుకట్లా చూస్తావు?"

వేలు పక్కకు జరిపి చూశాను. శనగగింజ కంటే చిన్నది. ఇంకా చిన్నదే.