ఇరవై ఆరు దుప్పట్ల బిల్లు

ఇరవై ఆరు దుప్పట్లు ఎవరైనా కొంటారా? పాతిక కొంటారు, ముప్పై కొంటారు, పెళ్లింటివాళ్లయితే యాభై కొంటారు. ఆ బిల్లు మీద ఇరవై ఆరు చూడగానే నాకు చిరాకు మొదలైంది. పేజీ తిప్పితే ఇంకో బిల్లు, మళ్లీ ఇరవై ఆరే. నాలుగు బిల్లులు అట్లాగే ఉండి, ఐదోది మాత్రం పదహారు.

అప్పుడు నేను జనగామలో ఆడిట్ ఆఫీసులో చిన్న ఉద్యోగిని. సకల జనుల సమ్మె ముగిసి రెండు నెలలు కూడా కాలేదు. నలభై రెండు రోజులు టెంట్ల కింద కూర్చున్న మాకు బల్లల నిండా ఫైళ్లు పేరుకున్నాయి. కొడకండ్ల వైపు ఉన్న ఒక బాలికల హాస్టల్ వార్డెనమ్మ జనవరి ఆఖరుకు రిటైరవుతున్నదని, ఆలోగా ఆమె లెక్కలు చూసి రమ్మని మా పెద్దసారు నన్ను పంపాడు. మా కాగితంలో అభ్యంతరం ఏమీ లేకపోతేనే ఆమె పెన్షన్ ఫైలు కదులుతుంది.

దుప్పటి ఒకటి మూడు వందల ఎనభై. ఇరవై ఆరుకు తొమ్మిది వేల ఎనిమిది వందల ఎనభై. ఇంకొక్కటి కలిపితే పది వేలు దాటుతుంది. వార్డెన్ తన సంతకంతో ఒకసారికి కొనగలిగేది పది వేల లోపే. అది దాటితే మూడు దుకాణాల నుంచి ధరలు తెప్పించి, డివిజన్ ఆఫీసులో మంజూరు తీసుకుని, ఆ తర్వాతే కొనాలి. అంటే ఎవరో లెక్కవేసి, గీత దాటకుండా నూట ఇరవై దుప్పట్లను ముక్కలు చేశారన్నమాట. నలభై ఐదు వేల ఆరు వందల కొనుగోలును ఐదు చిన్న కొనుగోళ్లుగా చూపించారు.

ఒకసారి అనుమానం వచ్చిందంటే మిగిలినవన్నీ వాటంతట అవే బయటపడతాయి. ఐదు బిల్లుల మీద తేదీలు పదహారు రోజుల పొడుగున ఉన్నాయి, నంబర్లు మాత్రం వరుసగా ఉన్నాయి. అంటే జనగామ నడిబజారులోని ఆ దుకాణంలో పదహారు రోజులపాటు ఈ హాస్టల్ తప్ప ఇంకెవరూ బిల్లు రాయించుకోలేదు! చేతిరాత ఒకటే, పెన్ను ఒకటే, ఐదింటి మీదా సిరా ఒక్కలాగే ముద్దకట్టింది. ఇక మూడో బిల్లు తేదీ చూసి నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. ఆ రోజు బంద్. నడిరోడ్డు మీద వంటావార్పు చేసింది మేమే, అదీ సరిగ్గా ఆ దుకాణం ముందరే. షట్టర్ దించేసి, ఆ సేటే మాకు బియ్యం సంచి తెచ్చి ఇచ్చాడు. ఐతారాలు, దసరా సెలవులు తప్పించి తేదీలు వేసిన మనిషి బంద్ సంగతి మరిచిపోయాడు.

స్టాక్ పుస్తకం తీశాను. అక్కడ కూడా ఐదు పద్దులు ఉంటాయనుకున్నాను. ఒకే వరుస ఉంది. మొదటి బిల్లు తేదీన, నూట ఇరవై దుప్పట్లు అందినవి, కింద వార్డెనమ్మ సంతకం. మిగిలిన నాలుగు బిల్లులు పుట్టకముందే దుప్పట్లు హాస్టల్‌కు వచ్చేశాయి. దొంగతనం చేసేవాళ్లు ఆ పుస్తకం కూడా సరిచేసుకుంటారు కదా అని ఆ క్షణంలో నాకు తట్టలేదు. కోపం వస్తే నాకు ఏదీ తట్టదు. మా అమ్మ అనేది, నీ నోరు ముందు పుట్టి బుద్ధి తర్వాత పుట్టింది అని.

వార్డెనమ్మ వంటగది దగ్గర కూరగాయలు తూకం వేయిస్తున్నది. బక్కపలచని మనిషి, నెరిసిన జుట్టు, ముతక చీర. బిల్లులు ఆమె ముందు పరిచి గట్టిగానే అడిగాను. ఈ వయసులో ఇదేం పనమ్మా, రిటైరయ్యే ముందు ఇంత కక్కుర్తి ఎందుకు అని కూడా అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె కూరగాయల తూకం పూర్తయ్యేదాకా నన్ను కూర్చోమని చెప్పి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"బిల్లులు దొంగవే బిడ్డా. దుప్పట్లు దొంగవి కావు. ముందుగాల లెక్కపెట్టుకో, ఆ ఎన్క తిట్టు."

మర్నాడు పొద్దున ఎండ వచ్చాక పిల్లలందరూ దుప్పట్లు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. ఎక్కువమంది తండాల పిల్లలు. తమలో తాము వాళ్ల భాషలో గుసగుసలాడుకుంటూ నన్ను చూసి నవ్వారు. ఎవరి దుప్పటి ఎవరిదో తెలియడానికి మూలకు రంగుదారంతో గుర్తులు కుట్టుకున్నారు. పువ్వు, చేప, నెలవంక, ఒక పిల్లదైతే ఏకంగా బస్సు. నేను గుర్తుగుర్తుకూ వంగి చూస్తూ లెక్కపెట్టాను. నూట పందొమ్మిది. నా ముఖం మళ్లీ మాడింది. ఒక పిల్ల జ్వరంతో తండాకు పోయిందని, దుప్పటి కప్పుకునే పోయిందని వాళ్లు చెబితే, సరే రేపటిదాకా చూస్తానన్నాను. తెల్లవారి ఆ పిల్ల తల్లి దుప్పటి మడిచి, నెత్తిన పెట్టుకుని, అంత దూరం నడిచి వచ్చింది. మా మేడం మీద మాట రావద్దని తెచ్చిన అన్నది. ఆమె నా ముందు దాన్ని విప్పి చూపిస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ధర కూడా కనుక్కున్నాను. జనగామలో ఇంకో రెండు దుకాణాల్లో అదే దుప్పటి నాలుగు వందలకు తక్కువ లేదు. అంటే ఒక్క రూపాయి కూడా ఎవరూ తినలేదు.

అప్పుడు మళ్లీ కూర్చుని, ఈసారి నిమ్మళంగా, ఎందుకిట్లా చేశారని అడిగాను. ఆమె చెప్పింది. సమ్మె మొదలైన కొత్తలో వానలకు స్టోర్ గది కప్పు కారి, పాత దుప్పట్లన్నీ నాని బూజు పట్టాయి. బడులు మూసినా, తల్లిదండ్రులు కూలికి వలసపోయి ఇండ్లలో ఎవరూ లేని పిల్లలు హాస్టల్‌లోనే ఉండిపోయారు. ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలు. దవాఖానకు తిప్పలేక ఆమె పరేషాన్ అయింది. మూడు దుకాణాల ధరలు రాయించుకుని, మంజూరు కోసం దరఖాస్తు పట్టుకుని డివిజన్ ఆఫీసుకు వచ్చింది. తాళం. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. తాళమే. దుకాణం సేటు నమ్మకం మీద దుప్పట్లు ఇచ్చాడు. సమ్మె అయ్యాక డబ్బు కట్టాల్సి వచ్చేసరికి, మంజూరు లేకుండా అంత సరుకు ఎట్లా తెచ్చావని అడుగుతారని భయం పట్టుకుంది. అందరూ ఇట్లాగే చేస్తారు మేడం అని సేటే దారి చూపించి, కూర్చున్న చోటనే ఐదు బిల్లులు రాసిచ్చాడు.

దరఖాస్తు ఎవరికైనా ఇవ్వొచ్చు కదా, మేము అక్కడే టెంట్‌లో ఉన్నాం కదా అన్నాను. ఆమె పెట్టెలోంచి ఆ దరఖాస్తు తీసి నా చేతిలో పెట్టింది. మడతలు పడి ఉంది, మూలన పసుపు మరక.

"నీకే ఇయ్యబోయిన బిడ్డా. రెండోసారి వచ్చిననాడు టెంట్ కాడ నువ్వు అన్నం వడ్డిస్తున్నవు. సమ్మె అయినంక రా అవ్వా, ముందు బువ్వ తిను అన్నవు. తిన్న, పోయిన."

నాకు ఆమె ముఖం గుర్తు లేదు. ఆ రోజు వందల మందికి వడ్డించాను. కానీ ఆ మాట నాదే, ఆ తీరు నాదే. తెలంగాణ వస్తే అన్నీ సక్కగయితయని అందరికీ అదే చెప్పేదాన్ని. సమ్మె తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ మేము వేసిన తాళం బయట ఈమె నిలబడి ఉండిందని అప్పుడే తెలిసింది. ఆమె ముందే ఏడ్చేశాను. ఆమె నాకు నీళ్లిచ్చింది.

హాస్టల్ గుమాస్తా మంచివాడే, ఉపాయం చెప్పాడు. స్టాక్ పుస్తకంలో ఆ పేజీ తిరగరాసి, ఐదు తేదీలకు ఐదు పద్దులు వేస్తే గొడవే ఉండదట. నేను చూడనట్టు ఉంటే చాలట. నిజం చెప్పొద్దూ, నా మనసు ఊగింది. వార్డెనమ్మే ఒప్పుకోలేదు. దుప్పట్లు ఆ రోజే వచ్చినయి, ఆ పేజీ ముట్టుకోవద్దు అన్నది. ఐదు అబద్ధాలకే నాకు నిద్ర పడతలేదు, ఇంకో ఐదా అన్నది.

ఇక రాయక తప్పలేదు. కొనుగోలును ముక్కలు చేశారని, బిల్లుల తేదీలు నిజం కావని రాశాను. దాని కిందే దరఖాస్తు సంగతి, ధరల సంగతి, దుప్పట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన సంగతి రాశాను. మంజూరు ఇవ్వాల్సిన ఆఫీసు నాతో సహా సిబ్బంది సమ్మెలో ఉన్నందున మూసి ఉన్నదని కూడా రాశాను. మా పెద్దసారు కళ్లద్దాలు సర్దుకుని, ఆడిట్ రిపోర్టులో నువ్వెక్కడి నుంచి వచ్చినవమ్మా అని "నాతో సహా" కొట్టేశాడు. మిగతాది అట్లాగే పంపాడు.

తర్వాత కాగితాలు కదలవలసినంత నెమ్మదిగా కదిలాయి. ఆమె రిటైరైన రోజున దండ వేశారు గానీ పెన్షన్ ఆగింది. లింగాల ఘనపూర్ దగ్గర ఆమె ఊళ్లో మాటలు పుట్టాయి. దుప్పట్ల పైసలు తిన్నదట, అందుకే సర్కారు ఆపిందట అని. అది నా చెవిన పడినప్పటి నుంచి వారానికోసారి డివిజన్ ఆఫీసుకు పోయి ఆ ఫైలు ఎక్కడుందని అడిగేదాన్ని. నన్ను చూస్తే అక్కడి గుమాస్తాలు, వచ్చింది దుప్పట్లామె అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, ఫైలు మాత్రం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయింది. ఏడో నెలలో ఉత్తర్వు వచ్చింది. మందలింపు ఒకటి, కొనుగోలుకు ఆమోదం, పెన్షన్ విడుదల.

ఆ ఉత్తర్వు ప్రతి తీసుకుని నేనే బస్సెక్కాను. నా వల్ల ఏడు నెలలు ఆగింది, క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమె వాకిట్లో కూర్చుని పెసలు చెరుగుతున్నది. నేను నోరు తెరవబోతే వద్దని చేయి అడ్డం పెట్టింది. పెన్షన్ ఎంతో, ఎప్పటినుంచో అడగలేదు.

"దుప్పట్లు సరిగ్గ ఉన్నయని రాసిన్రా?"

రాశారని చెప్పి ఆ వాక్యం చూపించాను. కళ్లద్దాలు లేవు, నువ్వే చదవమన్నది. చదివాను. చేట పక్కన పెట్టి, గోడవతల వాకిలి ఊడుస్తున్న పక్కింటామె వైపు ఒకసారి చూసింది.

"జర గట్టిగ చదువు బిడ్డా."

లేచి నిలబడ్డాను. నూట ఇరవై దుప్పట్లు అందినవి, నూట ఇరవై లెక్కకు సరిపోయినవి, ప్రభుత్వానికి ఎట్టి నష్టం కలుగలేదు అని, గొంతులో ఉన్నదంతా పెట్టి చదివాను. గోడవతల చీపురు చప్పుడు ఆగింది. వార్డెనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకొక్కసారి చదవమన్నది.