అలసిన చోట ఆపవలెను

నేను కర్నూలులో బి.ఏ. చదివే రోజుల్లో, వేసవి సెలవుల ముందు మా ఎకనామిక్స్ లెక్చరర్ బోర్డు మీద ఒక వ్యాసానికి విషయం రాసిచ్చారు. మీ ఇంట్లో ఒకరు చేసే పనిని గురించి, వారు చెప్పగా విని రాయండి అని. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. దాని కిందనే ఇంకో వాక్యం ఉంది. వ్యాసం పొడవు: చెప్పేవారు అలసిన చోట ఆపవలెను. అదంతా ఇంగ్లీషులో. రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకొని, ఈ వ్యాసం ఇవ్వనివాడి టర్మ్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనని చెప్పి వెళ్ళిపోయారు. ఆ సర్టిఫికెట్ లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. మా వాడలో పరీక్ష దాకా వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంట్లో నలుగురి కష్టం దాని మీద పెట్టుబడి అయి ఉంది.

మా నాయన ఆదోనిలో ఒక పత్తి మిల్లులో ప్రెస్సు దగ్గర పని చేసేవాడు. ప్రెస్సు పెట్టెలోకి దిగి, పైనుంచి పోసే దూదిని కాళ్ళతో తొక్కి తొక్కి దిగ్గొట్టడం ఆయన పని. ఆ తర్వాతే మిషను దాన్ని బేలుగా నొక్కుతుంది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా దూది పట్టి ఉండేవి. మా అమ్మ నీళ్ళు తోడి పెట్టేది. స్నానం చేసి, రెండు సంగటి ముద్దలు తిని, చాప మీద వాలేవాడు.

ఊరికొచ్చిన రోజే నోటుబుక్కు తీసుకొని పక్కన కూర్చున్నాను. నీ పనిని గురించి చెప్పు నాయనా అన్నాను.

"ఏం సెప్పాలప్పా. దూది వస్తాది. తొక్కుతాం. బేలు అవుతాది. బండెక్కి పోతాది."

తర్వాత గురక. మరునాడు కూడా అదే నాలుగు మాటలు, అదే గురక. ఆ మరునాడు మూడో మాటకే నిద్ర వచ్చేసింది. చెప్పేవారు అలసిన చోట ఆపాలంటే, మా నాయన మొదలుపెట్టే ముందే అలసి ఉన్నాడు. నా వ్యాసం నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయింది. నాలుగు వాక్యాలు తీసుకొని వెళ్ళి ఏ ముఖంతో ఇవ్వను?

నా క్లాసువాడు ఒకడు ఎమ్మిగనూరులో ఉండేవాడు, సాలెవాళ్ళ పిల్లవాడు. వాణ్ణి అడుగుదామని బస్సెక్కి వెళ్ళాను. వాడి తాత మగ్గం గుంటలో కూర్చొని నేస్తూనే మాట్లాడుతున్నాడు. చేయి ఆడినంతసేపూ నోరు ఆడుతూనే ఉంది. వాడు అప్పటికే బుక్కు సగం నింపేశాడు. మరి ఆ చివరి వాక్యానికి అర్థమేమిటిరా అంటే, అదేదో ఇంగ్లీషు మర్యాద, పట్టించుకోవద్దు అన్నాడు. ఉన్నోడికి అన్నీ మర్యాదలుగానే కనిపిస్తాయి. వాడి తాత అలసిపోడు కాబట్టి వాడికి ఆ వాక్యంతో పని లేదు.

తిరిగి వచ్చి లెక్చరరు గారికే ఉత్తరం రాశాను. ఆయనది కోస్తా వైపు ఊరు, సెలవుల్లో ఉండే చిరునామా మాకు ఇచ్చే పోయారు. ఇంగ్లీషులో రాసి, చించి, మళ్ళీ రాశాను. దాని సారం ఇది. "మీరు ఇచ్చిన సూచనలోని రెండో వాక్యం నాకు అర్థం కాలేదు. చెప్పేవారు అలసిన చోట అంటే ఆ రోజుకు ఆపి, మరునాడు మళ్ళీ అడగవచ్చునా? లేక అంతటితో వ్యాసం ముగించాలా? మా తండ్రి పగలంతా పని చేసి మాట మధ్యలో నిద్రపోతున్నారు. ఆయన చెప్పింది నాలుగు వాక్యాలు. అవే ఇస్తే మీరు స్వీకరిస్తారా? మిగతాది పుస్తకాలు చూసి నింపవచ్చునా? దయచేసి తెలుపగలరు." కవరులో పెట్టి అంటించాను. జవాబు రావలసిన చిరునామాగా మిల్లు పేరు రాశాను. మా వాడలో ఇళ్ళకు నంబర్లు లేవు. కూలీల ఉత్తరాలన్నీ మిల్లు గేటు దగ్గరి ఆఫీసుకే వచ్చేవి. చదువు రానివాళ్ళవి అక్కడి గుమాస్తానే చదివి చెప్పేవాడు. మంచి మనిషి, అందులో అనుమానం లేదు.

లెక్చరరు గారు జవాబు రాశారు. రాసినందుకు ఈ రోజుకీ నాకు ఆయన మీద గౌరవమే. కానీ కవరులో అడిగినదానికి పోస్టుకార్డు మీద రాశారు. ఆ ఒక్క పనికి ఈ రోజుకీ నాకు కోపమే. పెద్ద చదువులు చదివినవాళ్ళకు ఉత్తరం అంటే రాసేవాడూ చదివేవాడూ, ఇద్దరే కనిపిస్తారు. మధ్యలో ఎన్ని కళ్ళు ఉంటాయో తెలియదు.

కార్డు మధ్యాహ్నం తిండి వేళకు వచ్చింది. నా పేరు మీద ఇంగ్లీషులో ఉంది కాబట్టి గుమాస్తా మా నాయనను పిలిచి, కాలేజీ నుంచి వచ్చిందప్పా అని, అందరి ముందే తెలుగు చేసి చదివాడు. తప్పుగా ఏమీ చదవలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాడు. "మీ తండ్రి పనితో అలసిపోయి మాట మధ్యలో నిద్రపోతున్నారని రాశావు. నా సూచనకు అర్థం అదే. వెనకటి ఏడాది మన విద్యార్థులు పని చేసి వచ్చినవాళ్ళను నిద్రపోనివ్వకుండా ప్రశ్నలు అడిగి పేజీలు నింపారు. అది నాకు నచ్చలేదు. మనిషి అలసినప్పుడు వదిలేయాలి. నాలుగు వాక్యాలైతే నాలుగే ఇవ్వు. పుస్తకాలు చూసి నింపితే తీసుకోను."

నేనెంత ఎదురుచూసిన జవాబో అది. నా వ్యాసం అక్కడికి ఒడ్డున పడింది. మా నాయన మునిగాడు.

ఎందుకంటే అది సీజను ఆఖరు. బండ్లు రావడం తగ్గిపోయింది. వానాకాలమంతా మిల్లులో కొద్దిమందినే ఉంచుకొని, మిగతావాళ్ళను పంపించేస్తారు. ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో మేస్త్రీ తేల్చే వారం అది. ఆ మేస్త్రీ అక్కడే కూర్చొని రొట్టె తింటున్నాడు.

"ఏమప్పా, అలిసిపోతాండావంటనే" అన్నాడట నవ్వుతూ.

తమాషాకే అన్నాడేమో. కానీ ఆ మాట సాయంత్రానికి మిల్లంతా పాకింది. తూనిక దగ్గర, పత్తిగింజల గోడౌను దగ్గర, ఎవరు పలకరించినా అదే మాట. ఇదంతా నాకు చెప్పింది మా అమ్మ. నాయన కార్డు నా చేతిలో పెట్టి స్నానానికి పోయాడు. ఆ పొద్దు చాప మీద వాలలేదు. గోడకు ఆనుకొని, కళ్ళు తెరుచుకొని కూర్చున్నాడు. నిద్రపోతే బాగుండునని నాకనిపించింది.

ఆదివారం మిల్లుకు సెలవు. పొద్దున్నే తల దువ్వుకొని, ఉతికిన చొక్కా వేసుకొని, "ఆ బుక్కు తీసుకొని రా" అన్నాడు. ఎక్కడికని అడగలేదు, వెంట నడిచాను. మిల్లు గేటుకు ఎదురుగా ఒక టీ అంగడి ఉండేది. ఆదివారాలు మేస్త్రీ ఆ బెంచీ మీదనే కాలక్షేపం చేసేవాడు. నాయన పోయి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు.

"కాలేజీ సారు నా పని గురించి రాయమన్యాడంట. సెప్తా, రాసుకో" అన్నాడు నాతో, మేస్త్రీకి వినబడేటట్టు.

అంతే, మొదలుపెట్టాడు. గోనెగండ్ల నుంచి, కోడుమూరు నుంచి వచ్చే బండ్లు గేటు ముందర వరుస కట్టడం దగ్గర అందుకున్నాడు. పెట్టెలోకి దిగితే మొదట మూలలు తొక్కాలని, నడుమ ఆఖరున తొక్కాలని, లేదంటే బేలు ఒకవైపు ఉబ్బుతుందని చెప్పాడు. ఎండాకాలం ఆ పెట్టెలో గాలి ఎట్లుంటుందో చెప్పాడు. తను ఊరు వదిలి ఈ మిల్లుకు వచ్చిన మొదటి రోజు చెప్పాడు. నేను కడుపులో ఉండగా మా అమ్మ అదే మిల్లులో పత్తిలో చెత్త ఏరేదని చెప్పాడు. అది నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. తలెత్తితే ఒక మాట పోతుందని తలవంచుకొని రాస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నమైంది. వినడానికి వచ్చినవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చాల్లే నాయనా, సారు నాలుగు మాటలు చాలన్నాడు కదా అన్నాను మెల్లగా.

"నాకేం అలుపు రాలేదు. రాసుకో."

గొంతు జీరపోయింది. టీ తాగి మళ్ళీ అందుకున్నాడు. చెప్పిందే చెప్పడం మొదలైంది, అయినా ఆపలేదు. చెప్పేవారు అలసిన చోట ఆపమన్నారు. చెప్పేవాడు అలసిపోయానని ఒప్పుకోడు. మధ్యలో నేనెవణ్ణి ఆపడానికి? పొద్దు వాలేటప్పటికి బుక్కు అయిపోయింది. మేస్త్రీ లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరేలేప్పా, నువ్వు అలిసేవాడివి కాదు. వానాకాలం ఉండు. గింజల గోడౌన్లో బస్తాలు మోయాల" అన్నాడు.

ప్రెస్సులో తొక్కుడు కంటే అది కష్టమైన పని. దానికి ఎవరూ ఒప్పుకోరు. మా నాయన "సరే అన్నా" అన్నాడు.

ఇంటికి వస్తుంటే దారిలో మోరీ గట్టు దగ్గర ఆగాడు. మెల్లగా కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని చాలాసేపు కిందికి చూశాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఇప్పుడు అలిసినా" అన్నాడు. "ఇది రాయొద్దప్పా."

రాయలేదు.

కాలేజీ తెరిచాక వ్యాసం ఇచ్చాను. మా లెక్చరరు గారు రెండు రోజుల తర్వాత గదికి పిలిపించారు. నాలుగు వాక్యాలన్నావు, ఇంత రాశావు, పుస్తకాలు చూశావా అని అడిగారు. లేదు సార్, అంతా మా నాయనే చెప్పాడన్నాను. ఆయన చివరి పేజీ తిప్పారు. ఇక్కడ మధ్యలో తెగిపోయింది, ఆయన ఎక్కడ అలసిపోయాడో కనబడదే అన్నారు.

"అలసిపోలేదు సార్" అన్నాను.

ఆయన బుక్కు మూసి, సర్టిఫికెట్ తీసి సంతకం పెట్టారు. మా నాయన ఆ వానాకాలమంతా గింజల బస్తాలు మోశాడు.