ఎనభై మాటల పరిచయం

నీళ్లు తోడేసిన రొయ్యల గుంట బురద వాసన కిటికీలోంచి వస్తే నాకు దేవదానం గారే గుర్తొస్తారు. అల్లూరు దగ్గర మా వర్క్‌షాపులో ఆయన పెద్ద మెకానిక్, నేను కొత్తగా చేరిన ఇంజినీరుని. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న నాకు అవార్డు ఇచ్చిన సభకు ముందు రాత్రి ఆ వాసన మళ్లీ వచ్చింది.

అప్పుడు నా పరిచయం తిరగరాస్తున్నాను. వేదిక మీద వ్యాఖ్యాత చదువుతారట. ఎనభై మాటలు దాటకూడదు, పదింటికల్లా పంపాలి. ఆఫీసువాళ్లు రాసిచ్చిన కాగితంలో "అపార ప్రతిభాశాలి", "ఒంటిచేత్తో కనిపెట్టిన" అని ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముందు పొగడ్తలు కొట్టేశాను, తర్వాత కాలేజీ, మార్కులు, శిక్షణలు. చివరికి "ఈమె ఇంజినీరు" అని మిగిలింది. హాయిగా అనిపించింది. కానీ అవార్డు దేనికో అందులో లేదు. సరే అని "రొయ్యల గుంటల అలారం తయారు చేయబడింది" అని కలిపాను, ఎవరు చేశారో తెలియకుండా.

ఆ వాక్యం చూడగానే పాత సంగతి గుర్తొచ్చింది. గుంట నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ రాత్రిపూట ఆగితే తెల్లారేసరికి రొయ్యలు చస్తాయి. అందుకని కరెంటు పోగానే రైతు ఫోను మోగేలా అలారం చేశాను. ఒక రాత్రి కరెంటు ఉంది, మోటారూ తిరుగుతోంది, మోటారును నీళ్లు చిలికే చక్రాలతో కలిపే కప్లింగ్ మాత్రం విరిగింది. అలారం మోగలేదు. ఒక రైతు గుంట మొత్తం పోయింది. పొద్దున రిపేరు పుస్తకంలో "లోపం గుర్తించబడింది" అని రాశాను.

"ఎవరు గుర్తించినారు? దెయ్యమా?" అన్నారు దేవదానం గారు.

"నా పేరెందుకులెండి సార్..."

"పేరు పొగడ్తకి కాదమ్మాయ్. రేపు ఇంకొకడికి ఇదే వస్తే ఎవర్ని అడగాల? నువ్వు జవాబు చెప్పగలిగింది ఉంచు, చెప్పలేనిది కొట్టెయ్."

ఏడుస్తూనే రాసి సంతకం పెట్టాను: "కరెంటు వస్తోందా అనే చూశాను, చక్రాలు తిరుగుతున్నాయా అని చూడలేదు." మోటారు ఎంత కరెంటు లాగుతోందో కొలవమని చెప్పింది కూడా ఆయనే. చక్రాల బరువు తప్పితే మోటారు తక్కువ లాగుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుంటే చాలు.

పదింటికి ఇలా పంపాను: "రొయ్యల గుంటల అలారం ఈమె తయారు చేశారు. మొదటిది ఒక రైతు గుంటను కాపాడలేకపోయింది. మోటారు లాగే కరెంటును కొలవమన్నది మెకానిక్ దేవదానం గారు. సర్క్యూటు, ప్రోగ్రాం ఈమెవి." చివరి వాక్యం ఉంచడానికే ఎక్కువసేపు పట్టింది.

సభలో చదివితే చప్పట్లు పలచగా పడ్డాయి. అంతలో వెనక వరసలో ఎవరో రైతు లేచాడు.

"అక్కా, రెండు చక్రాల్లో ఒకటే ఊడితే పట్టుకుంటాదా?"

మైకు నా చేతికిచ్చారు.

"ఒక్కోసారి తప్పిపోతుందన్నా. ఇంకా సరిచేస్తున్నాను. మీ మోటారు ఎంతది?"

అతను చెప్పాడు, నేను అడిగాను. అలా చాలాసేపే మాట్లాడుకున్నాం. కూర్చున్నాక చూసుకుంటే చెమట లేదు. ఇప్పటికీ ఏది రాసినా, ఎవరైనా లేచి అడిగితే నిలబడగలనా అని చూసుకుంటాను. ఆ రోజు మాత్రం దేవదానం గారు అక్కడ లేరని చాలా బాధేసింది.