శుక్రవారాన్ని బుధవారం చేసిన మనిషి

మందుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ నిదానం అనేవారు. ప్యాకింగ్ లైన్ మీద మందుల అట్టలపై పడే తేదీలు చూడటం పని. పద్దెనిమిదేళ్లలో ఒక్క తప్పుడు తేదీని గడప దాటనిచ్చిన పాపాన పోలేదు. అలాంటి మనిషి చేసిన నిర్వాకం వినండి.

నెలాఖరుకి ఆ ఫ్యాక్టరీ మూతబడుతోంది. దూరాన ఉన్న సిరప్పుల కంపెనీవాళ్లు ఆఫర్ ఇచ్చి, శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పమన్నారు. ఈయన మనసేమో ఇంటి పక్కనున్న మాత్రల కంపెనీ మీద. ఇంటర్వ్యూ అయి పదిహేను రోజులైనా అక్కడి రిక్రూటరమ్మ ఉలుకూ పలుకూ లేదు.

"ఉన్నమాట మర్యాదగా రాసి అడగండి, తప్పేముంది?" అంది భార్య.

సోమవారం కూర్చుని మెయిల్ రాశాడు: "మీ దగ్గర చేరడమే నాకిష్టమండి. మరోచోట ఆఫర్ వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. వీలైతే ఆలోపు మీ నిర్ణయం తెలపగలరా? వీలుకాకపోయినా చెప్పండి, అర్థం చేసుకుంటాను."

బావమరిది తొంగిచూసి నవ్వాడు. "శుక్రవారమంటే గురువారం దాకా కదలరు బావా! బుధవారమని కొట్టు."

కొట్టాడు. పంపాడు. మర్నాడు లైన్ మీద ఏ అట్ట చూసినా తన బుధవారమే కనబడింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. మధ్యాహ్నం ఉండబట్టలేక రిక్రూటర్‌కి ఫోన్ చేశాడు.

"మేడమ్, గడువు బుధవారం కాదండి, శుక్రవారం. తొందరకొద్దీ అబద్ధం రాశాను. క్షమించండి."

"మా మేనేజర్ గారు సెలవులో ఉన్నారండి, వాళ్లమ్మాయికి ఆపరేషన్. గురువారం వస్తారు. మీరు బుధవారమన్నారని పొద్దున్నే ఫోన్ చేశాను. ఆపరేషన్ గది బయట నిలబడే మీ కాగితాలు చూసి సరే అన్నారు. శుక్రవారమని రాసినా ఉద్యోగం మీకే వచ్చేది."

"ఇప్పుడేం చేస్తారండి?"

"ఆయనకి చెప్పక తప్పదు. చెప్పాక ఫోన్ చేస్తాను."

గురువారం చేసింది. "రమ్మన్నారు. ఆఫర్ లెటర్ పంపుతున్నా." అది చేతికొచ్చాకే సిరప్పులవాళ్లకి కృతజ్ఞతలు చెప్పి, రాలేనని రాశాడు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆయన తప్ప.

చేరిన రోజు మేనేజర్ ఎదుట తల వంచుకుని నిలబడ్డాడు. "అమ్మాయికి ఎలా ఉంది సార్?"

"లేచి తిరుగుతోంది. ఆవేళ దాన్ని లోపలికి తీసుకెళ్తున్నప్పుడు ఫోన్ మోగింది. చెయ్యి వదిలేసి వచ్చాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అప్పుడే తయారైన అట్ట ఒకటి నిదానం చేతిలో పెట్టి, "తేదీ చూడండి" అన్నాడు.

నిదానం మూడుసార్లు చూశాడు. కళ్లనిండా నీళ్లు, అంకెలు ఆనలేదు.