మీరు చెప్పింది ఇదేనా?

సిటీ బస్సుల సంస్థ ప్రధాన కార్యాలయంలో, రెండో అంతస్తు చివర, గది అనడానికి కాస్త మొహమాటపడాల్సిన ఒక గదిలో జవాబులక్క కూర్చుంటుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా పనికి రావడం లేదు. సంస్థకు ఫోన్లో జనం చూసే పేజీ ఒకటుంది. ఏ దారి మూశారు, ఏ బస్సు ఆలస్యం వంటి శుభవార్తలు అందులో పెడతారు. వాటి కింద జనం తమ మనసులో మాటలు రాస్తారు. ఆ మనసులకు మర్యాదగా జవాబు చెప్పడం ఆమె ఉద్యోగం.

అంతకుముందు పన్నెండేళ్ళు ఆమె పోయిన వస్తువుల గదిలో పనిచేసింది. బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు ఆమె ఏలుబడిలో ఉండేవి. ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు కూడా వచ్చింది. యజమానిని గుర్తులు చెప్పమంటే ఆయన మాట్లాడకుండా నోరు తెరిచి చూపించాడు. అంతటి సాక్ష్యం ఆ గదిలో మళ్ళీ నమోదు కాలేదు. కిటికీ లేని ఆ గదినుంచి, తడి గొడుగుల వాసననుంచి, తెలుగులో గబగబా టైపు చేయగలగడమనే ఏకైక అర్హతతో ఆమె బయటపడింది. ఇప్పటి గదికి కిటికీ ఉంది. అది పక్క భవనం గోడలోకి తెరుచుకుంటుంది. అయినా కిటికీ కిటికీయే.

ఈ కొత్త పదవితో పాటు ఆమెకు ఏడు తయారు జవాబులున్న కాగితం ఒకటి అప్పగించారు. మూడోది "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఆరోది "మీ సూచన సంబంధిత విభాగానికి పంపబడింది." ఆ సంబంధిత విభాగం ఎక్కడుందో సంస్థలో ఎవరికీ తెలియదు. వెతుక్కుంటూ వెళితే తన గదికే వచ్చి ఆగుతామేమోనని ఆమెకు ఒక అనుమానం.

రెండేళ్ళు బాగానే నడిచింది. ఇంతలో ఇరవై ఏడో నంబరు బస్సు స్టాపు మారింది. మార్కెట్ ఎదురుగా ఉన్నదాన్ని, మురుగు పైపుల పని కోసం, ఆసుపత్రి గోడ దాటాక మూడొందల అడుగుల అవతలికి జరిపారు. మూడో రోజు "నిజం మాట్లాడే ప్రయాణికుడు" అనే పేరుతో ఒకాయన పదిహేను పేరాల కామెంటు పెట్టాడు. అందులో సంస్థ పెద్దల వంశవృక్షం ఉంది. బస్సు సీట్ల మీద పరిశోధన ఉంది. ఒక్క రోజు సెలవు పెట్టకుండా తాను చేసిన నలభై ఏళ్ళ ఉద్యోగం ఉంది. డ్రైవర్ల హారన్‌కూ నేటి యువత పతనానికీ ఉన్న సంబంధం కూడా ఉంది. నాలుగొందల మంది దాన్ని మెచ్చుకున్నారు. వారిలో చివరిదాకా చదివినవాళ్ళు నలుగురుంటే గొప్ప.

జవాబులక్క మూడో నంబరు వదిలింది. ఆయన దాన్ని తిరిగి ఆమెకే పంపి, కింద ఇంకో ఆరు పేరాలు కట్టాడు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. తయారు జవాబులు పక్కనబెట్టి సొంతంగా రాసింది: "అంటే మీకు నాలుగడుగులు నడవడం ఇష్టం లేదన్నమాట. రోడ్డు పని వల్ల స్టాపు మార్చాం. మూడు రోజుల ముందే నోటీసు అంటించాం."

అరగంటలో ఆయన మోకాలి ఎక్స్‌రే ఒకటి పెట్టాడు. ఇక జనం ఊరుకుంటారా? తమ తమ మోకాళ్ళు పెట్టారు. సాయంత్రానికి పేజీ ఎముకల వార్డులా తయారైంది. ఒకాయన ఉత్సాహం పట్టలేక భుజం పెట్టాడు.

మర్నాడు మేనేజరు పిలిపించాడు. ఆయన్ని ఆఫీసంతా పెద్దసారు అంటుంది. ఆకారంలో చిన్నవాడే.

"ఏమ్మా, మనం బస్సులు నడుపుతున్నామా, ఎక్స్‌రేలు తీస్తున్నామా?"

"ఆయన మరీ రెచ్చిపోతున్నాడు సార్."

"వాళ్ళు రెచ్చిపోవడానికే నీకు జీతం. శుక్రవారం దాకా చూస్తా. ఈ గోల ఆగకపోతే కామెంట్లు మూసేస్తా. కామెంట్లు లేకపోతే జవాబులెందుకు? గొడుగుల గది తాళం నీకు తెలిసిందే."

అప్పటికి మంగళవారం.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఆ కామెంటును అత్తగారికి చదివి వినిపించింది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఉతికిన బట్టలు మడత పెడుతూ, దుప్పటి మూలలు ఆసుపత్రి మంచం కొలతలకే మడుస్తూ విన్నది.

"చూశారా అత్తయ్యా, ఎంత తిట్టాడో!"

"తిట్లు నాకెందుకే. నొప్పెక్కడ?"

"మోకాలిలో."

"ఎక్స్‌రే నువ్వు రెచ్చగొట్టాక వచ్చింది. దానికి ముందు ఎక్కడ?"

కోడలు ఫోనులో కామెంటును మళ్ళీ పైకి జరిపింది.

"వార్డులో అరిచే రోగి దగ్గరికి సూదితో వెళ్ళామనుకో, ఇంకా అరుస్తాడు. 'నిన్న పొద్దుటినుంచి ఎడమ పక్కన, తిన్నాక ఎక్కువవుతోంది, అంతేనా?' అని అతని మాట అతనికి అప్పజెప్పాలి. 'అవునమ్మా' అన్నాక చెయ్యి దానంతటదే చాపుతాడు. నువ్వేం చేశావు? చెయ్యి కూడా చూడకుండా పొడిచావు."

"నేనూ చెప్పాగా, నడవడం ఇష్టం లేదన్నమాట అని."

"అది ఆయన మాట కాదు. నీకు జవాబు చెప్పడానికి వీలైన మాట. ఆ దిండు గలీబు ఇటివ్వు."

బుధవారం జవాబులక్క ఆ పదిహేను పేరాలనూ కాగితం మీద అచ్చు తీసి, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. తిట్లు కొట్టేసింది. వంశవృక్షం కొట్టేసింది. యువత పతనాన్ని కాసేపు ఆలోచించి, విచారంతో కొట్టేసింది. పదకొండో పేరాలో పెన్సిలు ఆగింది. స్టాపు మారిన రోజు ఆయన భార్య పాత స్టాపులో నలభై అయిదు నిమిషాలు నిలబడింది. మూడు బస్సులు ఆమెను చూస్తూనే దాటిపోయాయి. మారిందని చెప్పే కాగితం ముక్క అక్కడ ఒక్కటీ లేదు. డాక్టరు దగ్గర ఆమె వంతు తప్పిపోయింది. మిగతా పద్నాలుగు పేరాలూ ఈ ఒక్క పేరా వేసిన కేకలు.

కానీ ఆయన నోటీసు లేదంటున్నాడు. సంస్థ రికార్డేమో ఉందంటోంది. ఆయన అబద్ధమాడుతున్నాడని మనసులో ఉంచుకుని ఆయన మాటను నిజాయితీగా ఎలా అప్పజెప్పడం? ఆమె గొడుగు తీసుకుని, ఇరవై ఏడో నంబరు ఎక్కి వెళ్ళింది.

నోటీసు ఉంది. కొత్త స్టాపు స్తంభానికి అందంగా, నాలుగు మూలలా జిగురుతో ఉంది: "ఇరవై ఏడో నంబరు బస్సు ఇకపై ఇచ్చట ఆగును." దారి కనుక్కుని అక్కడిదాకా వచ్చిన ప్రతివాడికీ, అక్కడికి రావాలని ఆ కాగితం ఘనంగా తెలియజేస్తోంది. పాత స్టాపులో ఖాళీ బెంచీ ఒక్కటే ఉంది. రెండుచోట్లా ఫోన్లో ఫోటోలు తీసుకుంది.

నోటీసులు అంటించే పెద్దాయనను అడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

"రూలు ప్రకారం నోటీసు స్టాపులోనే అంటించాలమ్మా. పాతది ఇప్పుడు స్టాపే కాదు. స్టాపు కానిచోట స్టాపు నోటీసు ఎలా అంటిస్తాం, నువ్వే చెప్పు!"

ఆ తర్కానికి ఎదురులేదు. జవాబులక్క దణ్ణం పెట్టి వచ్చేసింది.

జవాబు మూడుసార్లు రాసింది. మొదటిసారి అన్ని పేరాలకూ నంబర్లు వేసి అప్పజెబితే అది ఆయన కామెంటుకన్నా పొడుగైంది. రెండోసారి కుదించింది గానీ "మీరు ఆవేశంలో అన్నట్టు" అనే మాట ఎలాగో దూరింది. దాన్ని చెవి పట్టి బయటికి లాగింది. మూడోది పేజీ మీద పెట్టింది:

"అయ్యా, మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. స్టాపు మార్చడంకన్నా, మార్చినట్టు పాత స్టాపులో చెప్పకపోవడం మీకు కోపం తెప్పించింది. దానివల్ల మీ ఇంటావిడ నలభై నిమిషాలు నిలబడ్డారు, మూడు బస్సులు ఆగకుండా పోయాయి, డాక్టరు దగ్గర వంతు తప్పింది. పైగా అడిగితే నేను వెటకారంగా జవాబిచ్చాను. ఇందులో ఏదైనా తప్పుగా పట్టుకున్నా, వదిలేసినా సరిదిద్దండి.

ఇక జవాబు. నేను వెళ్ళి చూశాను. నోటీసు కొత్త స్టాపులోనే ఉంది, పాతదానిలో లేదు. మీరన్నది నిజం, అది మా తప్పు. నా వెటకారం నా తప్పు. రేపు పొద్దున్న పాత స్టాపులో నోటీసు ఉంటుంది. పైపుల పని అయ్యేదాకా, అంటే మూడు నెలలు, స్టాపు మాత్రం వెనక్కి రాదు. ఈ మాట మీకు నచ్చదని తెలుసు."

గంట తర్వాత ఆయన రాశాడు. జవాబులక్క కళ్ళు సగం మూసుకుని చదివింది.

"నలభై కాదు, నలభై అయిదు. మిగతాది నేనన్నదే. మూడు నెలలు ఎక్కువే, నాకు నచ్చలేదు. రేపు పొద్దున్న వచ్చి చూస్తాను."

అంతే. పేరాలు లేవు. మోకాళ్ళ ఊరేగింపు కూడా అక్కడితో ఆగింది. భుజం పెట్టినాయన మాత్రం తనకెవరూ జవాబు చెప్పలేదని బాధపడ్డాడు.

గోల ఆగినందుకు పెద్దసారు సంతోషించాలి. గురువారం పొద్దున్నే ఆయన గదినుంచి వచ్చిన కేక ఆ కోవకు చెందినట్టు లేదు.

"మా తప్పు అని రాశావా? ఎవరి తప్పు? ఎవరినడిగి ఒప్పుకున్నావు? పైనుంచి ఫోను, 'ఏమయ్యా, తప్పు చేశారటగా' అని! నేనేం చెప్పాలి? నాకేం తెలుసు? నా పేజీలో నా తప్పు నేను కామెంట్లలో చదువుకోవాలా? నోటీసు పెడతానని మాటిచ్చావు, ఆ నోటీసు నువ్వు పెడతావా, నీ అత్తగారు పెడుతుందా? ఈ సంస్థలో పద్ధతి అనేది ఒకటి ఏడ్చింది! నేను చేరిన రోజుల్లో..."

పెద్దసారు చేరిన రోజులు పదిహేను నిమిషాలు సాగాయి. గోడమీద తాళాల పలక వేలాడుతోంది. గొడుగుల గది తాళం మూడోది. ఆమె దానివైపు చూడకుండా నిలబడింది. నోట్లోకి వచ్చిన "సార్, అది కాదు" అనే మాటను రెండుసార్లు మింగింది.

ఆయన ఊపిరి కోసం ఆగాడు.

"సార్, మీరంటున్నది ఇదేనా చూడండి. తప్పు ఒప్పుకోవడంకన్నా, అది మీకు ముందు చెప్పకపోవడం పెద్ద తప్పు. పైవాళ్ళు అడిగినప్పుడు మీ దగ్గర మాట లేకుండా పోయింది. పైగా మీ చేతిలో ఉన్న పనికి నేను మాటిచ్చేశాను."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"అదే కదా నేను అరగంటనుంచి చెప్తోంది," అన్నాడు నీరసంగా.

"ఇంకేమైనా వదిలేశానా సార్?"

"అత్తగారి మాట తీసెయ్యి. అది ఊరికే అన్నా."

"మీకు ముందు చెప్పాల్సింది సార్. చెప్పకపోవడం నా తప్పే. 'మా తప్పు' అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేను. ఇదిగో ఫోటోలు."

ఆయన ఫోటోలు చూశాడు. ఖాళీ బెంచీని చూశాడు. కొత్త స్టాపు నోటీసును చాలాసేపు చూశాడు. నిజానికి దాని కింద సంతకం ఆయనదే.

"ఇకమీద ఒప్పుకునే ముందు నాకు చెప్పు," అన్నాడు చివరికి. "కామెంట్లు ఉండనీ. ఆ నోటీసు వెంటనే అంటించమను."

"అంటించరు సార్. పాతది స్టాపు కాదట, రూలు ఒప్పుకోదట."

పెద్దసారు తల పట్టుకున్నాడు. తర్వాత తెల్లకాగితం తీసుకుని, కలం విదిలించి, సంస్థ చరిత్రలో మొదటిసారిగా ఒక ఉత్తర్వు రాశాడు: మార్కెట్ ఎదుటి స్థలాన్ని మూడు నెలల పాటు, నోటీసు అంటించే నిమిత్తం మాత్రమే, బస్సులు ఆగని స్టాపుగా పరిగణించవలెను.

జవాబులక్క ఆ కాగితం పట్టుకుని మెట్లు దిగింది. పాత స్టాపు బెంచీ మీద ఒకాయన, పక్కన ఆవిడ, అప్పటికే గంటనుంచి కూర్చుని ఉన్నారు.