చీటీ కింది మాట

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో ఒక వయసు దాటిన ఏ ఆడమనిషినైనా అడగండి, పెళ్లికి గాజులు తొడిగింది ఎవరని. బిల్కిస్ అంటుంది. భర్త గఫూర్ చనిపోయిన ఏడాది భుజాన వేసుకున్న గాజుల మలారం ఆమె ఇరవై రెండేళ్లు దించలేదు. చేతిని తన ఒళ్లోకి తీసుకుని, వేళ్ల కణుపులు నొక్కి నొక్కి మెత్తబరిచి, కబుర్లు చెబుతూ చెబుతూ గాజు ఎక్కించేది. ఎక్కినట్టే తెలిసేది కాదు.

నేను ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా మందుల దుకాణంలో పనిచేసేవాణ్ని. పేరు సిద్దిరాములు. ఇంటర్ తప్పాను. తప్పినా ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి దుకాణానికి వచ్చేవాళ్లు నన్ను డాక్టర్ సాబ్ అనేవాళ్లు. వద్దు అనలేదు. ఎందుకంటాను, చెవికి ఇంపుగానే ఉండేది.

బిల్కిస్‌ను అందరం ఆపా అనేవాళ్లం, అక్క అని. ఆపా రెండు నెలలకోసారి మా దుకాణం మెట్లెక్కేది. మూత్రంలో మంట. నలుగురూ వెళ్లిపోయేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మల్ల అదే, సిద్దీ" అనేది. నేను తెల్ల బిళ్లలు రెండు రోజులకు ఇచ్చేవాణ్ని. మంట తగ్గగానే మిగిలినవి ఆమె దాచిపెట్టుకునేది. మూత్రం పరీక్ష చేయించుకోమని గానీ, ఇన్నిసార్లు ఎందుకు వస్తోందో చూపించుకోమని గానీ నేను ఒక్కనాడూ అనలేదు. డాక్టర్ సాబ్‌ని కదా, నాకే అన్నీ తెలుసు.

ఒక్కటి మాత్రం అడిగాను. నీళ్లు తాగవా ఆపా అని.

"తాగితే యాడికి పోవాలె?" అంది. "మీ మొగోళ్లకు ఊరంత గోడలే. పొద్దుగాల బస్సెక్కితే మల్ల ఇంటికొచ్చేదాంక నాకు జాగ యాడున్నది?"

ప్రతి గడపలోనూ చెంబుతో నీళ్లిచ్చేవాళ్లు. మర్యాదకు పెదవులు తడుపుకుని చెంబు తిరిగిచ్చేసేది. నిజాంసాగర్ కాలువ గట్టు మీద మండుటెండలో నడిచి కూడా అంతే.

తొంభై ఏడు సంక్రాంతి దాటాక ఆమె తమ్ముడు వహీద్ జెద్దా నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఒక షేక్ ఇంట్లో కారు నడుపుతాడు. ఆ ఇంటి బేగంకూ ఇదే బాధట, ఆమె వాడే సీసా ఒకటి అక్క కోసం కొని తెచ్చాడు. ఎర్రటి పండ్ల బొమ్మ, లోపల మెరూన్ రంగు గొట్టం బిళ్లలు. ఆపా ఈసారి జనం పోయేదాకా ఆగలేదు. నలుగురిలోనూ కౌంటరు మీద పెట్టి, "చదువు సిద్దీ, ఏం రాసిండ్రో" అంది.

గొంతు సవరించుకున్నాను. పండు పేరు క్రాన్‌బెర్రీ. "ఏం పండది, వాక్కాయనా?" అని ఆమె అడిగితే, "గట్లాంటిదే, అమెరికా వాక్కాయ" అన్నాను. మా దుకాణం ముందు నిలబడ్డవాళ్లు నవ్వారు. మూత్రం దారి ఆరోగ్యానికి సాయపడుతుందని ముందువైపు పెద్దక్షరాల్లో ఉంది. వెనకవైపు అడుగున సన్నక్షరాల్లో ఒక వరస. ఆ వరస మొదటి సగం మీద అరబ్బీలో అచ్చయిన చీటీ ఒకటి అంటించి ఉంది. మిగిలిన సగంలో, రోగాన్ని నయం చేయడం, రాకుండా ఆపడం అనే మాటలు కనిపించాయి.

అప్పుడు ఆపా ఒక ప్రశ్న అడిగింది. ఇరవై రెండేళ్లు గాజు సైజు చూపుతోనే తేల్చిన మనిషి, అడగవలసిందే అడిగింది.

"ఇలాజా, పర్హేజా?"

జబ్బు వచ్చాక కుదిర్చే మందా, రాకుండా చూసుకునే జాగ్రత్తా అని. చీటీ కింద ఏముందో చూడాలని నా గోరు దాని అంచు దాకా వెళ్లింది కూడా. అందరి ముందు చీటీ గీకుతూ నిలబడితే డాక్టర్ సాబ్‌కి చదవడం రాదనుకుంటారని చెయ్యి తీసేశాను.

"ఇలాజే ఆపా. నయం చేస్తదని రాసే ఉన్నది" అన్నాను.

రోజుకు రెండు వేసుకుంది. రెండు నెలలు పోయాయి, నాలుగు పోయాయి, ఆరు పోయాయి, మంట రాలేదు. వహీద్ ఇంకో రెండు సీసాలు పంపాడు. మొత్తం బస్టాండుకు ఈ సంగతి చెప్పింది నేనే. నేను చదవబట్టే కదా అని ఛాతీ విరుచుకున్నాను. ఆపా నాకు ఖీర్ తెచ్చిచ్చింది. ఆ గిన్నె గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గు.

శ్రావణం వచ్చింది. గాజులవాళ్లకు ఊపిరాడని నెల. మొదటి శుక్రవారం ముందురోజు మంట మళ్లీ మొదలైంది. ఇదివరకైతే దుకాణానికి వచ్చేది, కనీసం దాచుకున్న ఆ తెల్ల బిళ్లలైనా మింగేది. ఇప్పుడు ఇంట్లో ఇలాజు ఉంది. రెండుకు బదులు నాలుగు వేసుకుని మలారం ఎత్తుకుంది. మూడో రోజు బస్సు దిగి మా దుకాణానికే వచ్చింది. ఎండలో నిలబడి కొంగు కప్పుకుని వణుకుతోంది. కుడిపక్క వీపు పట్టుకుని ఉంది.

"మలారం మోసి మోసి నడుం పట్టింది సిద్దీ. జర చలిజ్వరం గూడ."

"వానలకు అందరికీ వస్తుంది ఆపా" అని జ్వరం బిళ్లలిచ్చాను. "ఆ సౌదీ బిళ్లలు మాత్రం ఆపకు. ఆరు వేసుకో" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఇంకో రెండు రోజులు. ఐదో రోజు పొద్దున ఆమె కూతురు సఫూరా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. "అమ్మీ నీళ్లు తాగినా కక్కుతున్నది. ఏందేందో మాట్లాడుతున్నది" అంది. ముగ్గురం కామారెడ్డి బస్సెక్కాం. దారంతా ఆపా తల నా భుజం మీద కాలిపోతోంది. పోయేటప్పుడు సఫూరా సీసా కూడా తెచ్చింది, డాక్టరుకు చూపిద్దామని.

కామారెడ్డిలో ఆడడాక్టరు ఆమెను పక్కకు తిప్పి, కుడివైపు పక్కటెముకల కింద పిడికిలితో మెల్లగా తట్టింది. ఆపా మంచం పట్టె పట్టుకుని అరిచింది. మూత్రం పరీక్షలో చీము. రక్తంలో చక్కెర కూడా బాగా ఎక్కువ. షుగరు ఉన్నట్టు ఆ రోజే తెలిసింది మాకు. సెలైన్ పెట్టి, ఇంజెక్షన్లిచ్చి, హైదరాబాద్ పెద్దాసుపత్రికి చీటీ రాస్తూ డాక్టరమ్మ నన్ను అడిగింది.

"ఎన్ని రోజులైంది చలి పుట్టి?"

చెప్పాను. సీసా కూడా చూపించాను, అదేదో నా సర్టిఫికెట్ అన్నట్టు. ఆమె చాలాసేపు తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇది చెడ్డది కాదు. అమెరికాలో ముసలమ్మలకు ఈ పండు రసం నెలల తరబడి రోజూ తాగించి చూసిండ్రు. తాగినోళ్ల మూత్రంలో క్రిములు జర తక్కువ కనపడ్డయి. క్రిమిని మూత్రసంచి గోడకు అతుక్కోనియ్యదేమో అంటున్నరు. రసం సంగతి అది, ఈ గొట్టాలల్ల ఎంత ఉన్నదో ఎవరు చూసిండ్రు? మాటిమాటికి వచ్చేటోళ్లు రాకుండ వాడుకుంటే వాడుకోనియ్యి. కానీ క్రిమి చొరబడ్డంక ఇది చంపదు. మంట రాంగనే మూత్రం పరీక్ష చేపియ్యాలె, సరైన మందు పూర్తిగ వాడాలె. ఇన్నిసార్లు వచ్చిందంటే షుగరు ఉన్నదా, రాయి ఉన్నదా అని ఎప్పుడో చూడవలసింది. చలిజ్వరం, వీపుల నొప్పి, వాంతి అంటే క్రిమి కిడ్నీకి ఎక్కిందన్నట్టు. ఆ రోజే రావాలె. ఆ రోజే."

"ఆరు నెలలు రాలేదు కదమ్మా మరి" అన్నాను. ఇంకా వాదించే మొహం ఉంది నాకు.

"దీంతోనే ఆగి ఉండొచ్చు. ఊరికెనే ఆగి ఉండొచ్చు. ఒక్క మనిషిని చూసి ఎట్ల చెప్తం? పగటిపూట నీళ్లు తాగుతదా ఈమె?"

సఫూరా చెప్పింది, తాగదని.

డాక్టరమ్మ మాట్లాడుతూనే గోటితో ఆ అరబ్బీ చీటీ అంచు లేపి, ఒక్క లాగుకు పీకేసింది. కింద వరస మొత్తం బయటపడింది. మన భాషలో "కాదు" అనే మాట వాక్యం చివర్లో వస్తుంది. వాక్యం ఆఖరుదాకా చదివినవాడు దాన్ని తప్పించుకోలేడు. ఇంగ్లీషులో అది ముందే వచ్చేస్తుంది. చీటీ సరిగ్గా దాని మీదే కూర్చుని ఉంది.

హైదరాబాద్‌లో మూడు వారాలు. కుడి కిడ్నీలో చీము గడ్డ కట్టింది, మందులకు లొంగలేదు, చివరికి కిడ్నీనే తీసేశారు. ఆపా బతికింది. అల్లా దయ అన్నారు వాళ్లు, నేనూ ఆమీన్ అనుకున్నాను. ఒక్క కిడ్నీతో బతకవచ్చు. రోజంతా ఎండలో మలారం మోస్తూ, నీళ్లు లేకుండా, పొలం గట్ల మీద తిరగడం మాత్రం ఇక కుదరదు. మలారం ఇంట్లో కొయ్యకు వేలాడదీశారు. పెళ్లిళ్ల వాళ్లు కొన్నాళ్లు ఆమె ఇంటికే వచ్చారు. తర్వాత కామారెడ్డి ఫ్యాన్సీ దుకాణాలకు అలవాటుపడ్డారు.

ఆ తర్వాతి ఏళ్లలో దుకాణానికి వచ్చే పత్రికల్లో ఆ పండు గురించి కనిపించిన ప్రతి ముక్కా చదివాను. మాటిమాటికి మంట వచ్చే ఆడవాళ్లలో కొందరికి అది రావడాన్ని కొంత తగ్గిస్తుందని ఒకరంటారు, పెద్ద తేడా లేదని ఇంకొకరంటారు. వచ్చిన జబ్బును కుదురుస్తుందని మాత్రం ఎక్కడా చదవలేదు. పర్హేజే. ఆపా అడిగిన రెండు మాటల్లో రెండోది.

ఆపరేషన్ అయిన ఆ ఏడాదే చలికాలంలో ఒకరోజు ధైర్యం చేసి ఆమె ఇంటికి పోయాను. కామారెడ్డి నుంచీ నా దగ్గరే ఉండిపోయిన సీసా జేబులో ఉంది. ఆపా మంచం మీద కూర్చుని ఉంది, పక్కన స్టూలు మీద నీళ్ల చెంబు. నేను చెబుతానని ముందే తెలిసినట్టు చూసింది. చీటీ సంగతి చెప్పాను. గోరు అంచుదాకా పోయి వెనక్కొచ్చిన సంగతి కూడా చెప్పాను.

సఫూరా మొహం ఎర్రబడింది. ఆపా చేత్తో వారించింది.

"వహీద్‌కు చెప్పకు, గోసపడతడు" అంది కూతురితో. తర్వాత నావైపు తిరిగి, "నేను గట్లనే అడిగిన గద సిద్దీ? ఇలాజా, పర్హేజా అని?" అంది.

"గట్లనే అడిగినవు ఆపా."

"మరి నేనే సరిగ్గ ఇనలేదేమోనని ఇన్ని రోజులు నన్ను నేనే తిట్టుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. చెంబెత్తి రెండు గుక్కలు తాగి, "ఇప్పుడు చదువు. మొత్తం" అంది.

సీసా తిప్పి పట్టుకున్నాను. అక్షరాలు కదులుతున్నాయి. "ఇది ఏ రోగాన్నీ నయం చేయడానికి గానీ, రాకుండా ఆపడానికి గానీ తయారుచేసింది..." దాకా చదివి ఆగాను.

"ఆఖరి మాట మింగకు" అంది ఆపా.

"కాదు" అన్నాను.