నేను చదవని జవాబు

గజపతినగరం దగ్గర ఒక బడిలో పదో తరగతికి సోషల్ చెప్పేవాణ్ణి. ఎనిమిది మార్కుల జవాబును పిల్లలే దిద్దుకునేలా ఒక కాగితం తయారుచేశాను. విషయాలకు మూడు, వివరణకు మూడు, ఉదాహరణకు రెండు. మార్కు పక్కన కారణం రాయాలి. తరవాత జవాబు చదివి సరిచూడాల్సింది నేను. చూడలేదు. వాళ్ళు వేసుకున్న మార్కులే ఎక్కించి, తక్కువ వచ్చినవాళ్ళను పాసవడానికి సరిపడే ప్రశ్నలు మాత్రమే చదివే వెనక బ్యాచ్‌లో వేశాను.

బాగా చదివే ఒక అమ్మాయి మూడే వేసుకుంది.

"ఒసే, మూడేటే? నానైతే కళ్ళు మూసుకుని ఏడేసీసినాను," అని పక్క పిల్ల నవ్వింది.

ఆ అమ్మాయి వెనక బ్యాచ్‌లోకి వెళ్ళి కూర్చుంది.

వారం తరవాత ఆమె జవాబు చదివాను. ఉదాహరణ రాసింది, కానీ "ఇంకా బాగా రాయాలి" అని సున్నా వేసుకుంది. వివరణలోనూ ఒక మార్కు తగ్గించుకుంది. నా కాగితం ప్రకారమే ఆరు రావాలి. పిలిచి చెప్పాను.

"మీరు సదివే అక్కడేసినారనుకున్నాను సార్. అందుకే అడగనేదు," అంది.

బ్యాచ్ మార్చాను. తరవాతి పరీక్షలో ఆమె ఎనిమిదికి ఎనిమిది వేసుకుంది. కారణాల గడులన్నీ ఖాళీ. ఎందుకని అడగలేకపోయాను. ఈసారి మార్కు ఎక్కించకముందే కూర్చుని జవాబు చదివాను.